కేజ్రీవాల్ మధ్యంతర బెయిల్ ఆర్డర్‌లో అసలేముంది? షరతులు, కోర్టు చెప్పిన కారణాలు, జూన్ 2 తేదీ వెనక లెక్క

టూకీగా: ఢిల్లీ మద్యం పాలసీకి సంబంధించిన మనీ లాండరింగ్ కేసులో 2024 మే 10న సుప్రీంకోర్టు అప్పటి ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్‌కి జూన్ 1 దాకా మధ్యంతర బెయిల్ ఇచ్చింది, జూన్ 2న లొంగిపోవాలంది, ఐదు షరతులు పెట్టింది. ఎన్నికలే దీనికి ప్రధాన కారణమని ఆర్డర్‌లోనే రాసింది. జూన్ 2 అనేది కోర్టు వాయిదా తేదీ కాదు, జైలుకి తిరిగి వెళ్లాల్సిన తేదీ. ఇక 21 రోజుల కోసం రాసిన ఆ షరతులు జులైలో ఇంకో ఆర్డర్‌లోకి, సెప్టెంబర్‌లో మరో ఆర్డర్‌లోకి వెళ్లాయి, అలా వెళ్లడం వల్ల వాటి ప్రభావమే మారిపోయింది.

అడిగింది బెయిల్ కాదు

ఈ ఆర్డర్ గురించి ఎక్కువ గందరగోళం ఇక్కడే మొదలైంది. మార్చి 21న ఈడీ అరెస్ట్ చేశాక కేజ్రీవాల్ కింది కోర్టులో బెయిల్ పిటిషన్ వెయ్యలేదు, అసలు అరెస్టే చెల్లదు, రిమాండ్ చెల్లదు అని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. ఏప్రిల్ 9న హైకోర్టు కొట్టేసింది, దానిమీద సుప్రీంకోర్టుకి అప్పీల్ వచ్చింది. అంటే జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా బెంచ్ ముందున్న ప్రశ్న "ఇతనికి బెయిల్ ఇవ్వాలా వద్దా" అన్నది కాదు, మనీ లాండరింగ్ చట్టం సెక్షన్ 19 కింద అరెస్ట్ చెయ్యడానికి ఈడీ అధికారి రాతపూర్వకంగా చూపించాల్సిన కారణాలు సరిపోయాయా లేదా అన్నది.

మరి బెయిల్ మాట ఎక్కడ్నుంచి వచ్చింది అంటే బెంచే ఎత్తింది. మే 3న విచారణలో, ఈ వాదనలు ఇప్పట్లో తేలేలా లేవు, ఎన్నికలు నడుస్తున్నాయి, కాబట్టి మధ్యంతర బెయిల్ సంగతి కూడా పరిశీలించొచ్చు అని రెండు వైపులా లాయర్లకి ముందే చెప్పింది. మే 7న దానిమీద వాదనలు జరిగాయి, మే 9న ఈడీ వ్యతిరేకిస్తూ అఫిడవిట్ వేసింది, మే 10 శుక్రవారం ఆర్డర్ వచ్చింది.

దీన్నిబట్టి అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, ఇది మెయిన్ అప్పీల్ పెండింగ్‌లో ఉండగా ఇచ్చిన తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. ఆర్డర్ చివర్లో బెంచ్ ఆ మాట స్పష్టంగానే రాసింది, ఈ బెయిల్‌ని కేసు మంచిచెడ్డల మీద గానీ పెండింగ్ అప్పీల్ మీద గానీ మా అభిప్రాయంగా తీసుకోకూడదు అని. అయినా ఆ రోజు ఒక వర్గం దీన్ని నిర్దోషి అన్నట్టు, ఇంకో వర్గం కోర్టు నేరస్తుణ్ణి వదిలేసినట్టు చెప్పుకున్నాయి. ఆర్డర్‌లో ఈ రెండూ లేవు.

కోర్టు ఏ కారణాలు చెప్పింది

ఆర్డర్ చిన్నదే. అందులో ముందు ఈడీ అభ్యంతరాలు తీసుకుని ఒక్కోదానికి జవాబు ఇచ్చుకుంటూ పోయింది, అలా చదివితే రీజనింగ్ తేలిగ్గా అర్థమవుతుంది.

ఈడీ ప్రధాన వాదన సమానత్వం మీద. ప్రచారం చేసుకునే హక్కు ప్రాథమిక హక్కు కాదు, రాజ్యాంగ హక్కు కాదు, చట్టబద్ధ హక్కు కూడా కాదు, నాయకుడికి ప్రచారం కోసం బెయిల్ ఇస్తే రేపు రైతు పంట కోతకి, వ్యాపారి తన వ్యాపారానికి అడిగితే ఏం చెప్తారు, ఈ దేశంలో ఏడాది పొడుగునా ఎక్కడో చోట ఎన్నికలు ఉంటూనే ఉంటాయి కదా అంది. వాదన బలమైందే. దీనికి బెంచ్ చెప్పిన జవాబు, లోక్‌సభ ఎన్నికలు ఆ ఏడాది జరిగే అతి ముఖ్యమైన ఘటన, 97 కోట్ల మంది ఓటర్లలో 65 నుంచి 70 కోట్ల మంది ఓటేస్తారు, దీన్ని పంట కోతతోనో వ్యాపారం చూసుకోవడంతోనో పోల్చడం సరికాదు అని. మధ్యంతర బెయిల్ ఇచ్చేటప్పుడు ఆ వ్యక్తికి సంబంధించిన ప్రత్యేక పరిస్థితులు, చుట్టూ ఉన్న పరిస్థితులు కోర్టులు ఎప్పుడూ చూస్తాయని, అవి చూడకుండా వదిలెయ్యడమే అన్యాయమని కూడా అంది.

రెండో అభ్యంతరం, తొమ్మిది సమన్లు పంపినా రాలేదు అన్నది. మొదటి సమన్లు 2023 అక్టోబర్‌లో వెళ్లాయి. దీన్ని కోర్టు తీసెయ్యలేదు, ఇది ఆయనకి వ్యతిరేకంగా వెళ్లే అంశమే అని రాసింది. ఈ వాక్యం చాలా వార్తల్లో రాలేదు, రావాల్సింది, ఎందుకంటే బెయిల్ వచ్చిన మనిషికి వ్యతిరేకంగా ఆర్డర్‌లో ఏముందో కూడా పాఠకుడికి తెలియాలి కదా. ఐతే దీంతోపాటు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి అంటూ కోర్టు వాటినీ లెక్కలోకి తీసుకుంది: ఆయన ఢిల్లీ ముఖ్యమంత్రి, ఒక జాతీయ పార్టీ నాయకుడు, ఆరోపణలు తీవ్రమైనవే అయినా దోషిగా తేలలేదు, పాత నేరచరిత్ర లేదు, సమాజానికి ప్రమాదకారి కాదు.

మూడోది టైమింగ్. కేసు 2022 ఆగస్ట్ నుంచి దర్యాప్తులో ఉంది, అరెస్ట్ మాత్రం 2024 మార్చి 21న జరిగింది, పైగా ఆ అరెస్ట్ చెల్లుబాటే ఇదే కోర్టు ముందు సవాల్‌లో ఉంది, తుది తీర్పు ఇంకా ఇవ్వలేదు. ఇవన్నీ కలిపి చూస్తే ఎన్నికల నేపథ్యంలో మరింత సమగ్రంగా, స్వేచ్ఛ వైపు మొగ్గే దృష్టితో చూడటం సమంజసం అని బెంచ్ తేల్చింది.

ఈ ఆర్డర్‌లో తెలుగువాళ్లకి తెలిసిన కేసు ఒకటి ఉదాహరణగా కనిపిస్తుంది. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడు బహిరంగ ర్యాలీల్లో, సభల్లో పాల్గొనకూడదని హైకోర్టు పెట్టిన షరతుని 2023 నవంబర్ 28న సుప్రీంకోర్టు కొనసాగించలేదు, మిగతా షరతులు మాత్రం ఉంచింది. బెయిల్ మీద బయట ఉన్న నాయకుణ్ణి రాజకీయం చెయ్యొద్దు అనడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్నకి దాన్ని ఆధారంగా చూపించారు. అందుకే కేజ్రీవాల్ షరతుల్లో ప్రచారం మీద నిషేధం లేదు, ప్రచారం కోసమే ఇచ్చిన బెయిల్‌లో అది ఉండటానికి వీల్లేదు కూడా.

ఐదు షరతులు, ఒక్కోటి ఎందుకు

బెయిల్ ఆర్డర్‌లో షరతులు దాదాపు ఎప్పుడూ చివరి పేరాల్లోనే ఉంటాయి, పైనంతా కారణాలు. విచారణలో జడ్జిలు నోటితో అన్న మాటలు షరతులు కావు, సంతకం పెట్టిన ఆర్డర్‌లో ఉన్నదే షరతు.

మొదటిది 50 వేల రూపాయల బెయిల్ బాండ్, అంతే మొత్తానికి ఒక పూచీకత్తు, అదీ జైలు సూపరింటెండెంట్ సంతృప్తి మేరకు. ఇందులో డబ్బు కంటే ఆ చివరి మాట ముఖ్యం. మామూలుగా ఐతే ఆర్డర్ కాపీ కింది కోర్టుకి పోవాలి, అక్కడ షూరిటీలు హాజరై కాగితాలు చూపించాలి, జడ్జి సంతృప్తి చెంది రిలీజ్ ఆర్డర్ ఇస్తే అది జైలుకి చేరాలి. బెయిల్ వచ్చినా మనిషి ఒకటి రెండు రోజులు లోపలే ఉండిపోయేది అందుకే. ఇక్కడ ఆ పని జైల్లోనే అయిపోయేలా రాశారు కాబట్టి శుక్రవారం వచ్చిన ఆర్డర్‌కి అదే సాయంత్రం తీహార్ నుంచి బయటికొచ్చారు. లేకపోతే వీకెండ్ మధ్యలో పడి, ఉన్న 21 రోజుల్లో కొన్ని అలానే పోయేవి.

రెండోది, ముఖ్యమంత్రి ఆఫీసుకి, ఢిల్లీ సెక్రటేరియట్‌కి వెళ్లకూడదు. మూడోది, లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదం కోసం తప్పనిసరైతే తప్ప అధికారిక ఫైళ్ల మీద సంతకాలు పెట్టకూడదు. ఈ రెండూ కలిపి చదవాలి. మే 7 విచారణలోనే బెంచ్ తన ఆందోళన చెప్పేసింది, బెయిల్ మీద వచ్చి ముఖ్యమంత్రిగా పని చెయ్యడం మొదలుపెడితే దాని ప్రభావం వేరేగా ఉంటుంది అని. అప్పుడు కేజ్రీవాల్ తరఫు లాయర్ అభిషేక్ సింఘ్వీ, ఆయన ఫైళ్ల మీద సంతకం పెట్టరు, కాకపోతే సంతకం లేదన్న సాకుతో లెఫ్టినెంట్ గవర్నర్ పనులు ఆపకూడదు అన్నారు. కోర్టు ఆ మాటని పట్టుకుని "ఆయన తరఫున ఇచ్చిన ఈ హామీకి ఆయన కట్టుబడి ఉండాలి" అని ఆర్డర్‌లోకి ఎక్కించింది. అంటే మూడో షరతు కోర్టు పైనుంచి రుద్దింది కాదు, నిందితుడి లాయర్ ఇచ్చిన మాటే షరతు అయింది. బెయిల్ వాదనల్లో ఇలా జరుగుతూ ఉంటుంది, ఆ రోజుకి బెయిల్ రావడానికి ఇచ్చిన హామీ తర్వాత ఎంత కాలం మెడకి చుట్టుకుంటుందో అప్పుడు ఎవరూ లెక్కెయ్యరు.

నాలుగోది, ఈ కేసులో తన పాత్ర గురించి వ్యాఖ్యలు చెయ్యకూడదు. ఐదోది, సాక్షులతో మాట్లాడకూడదు, కేసుకి సంబంధించిన అధికారిక ఫైళ్లు చూడకూడదు. సాక్షుల షరతు దాదాపు ప్రతి బెయిల్‌లో ఉండేదే, ఫైళ్ల మాట మాత్రం ముఖ్యమంత్రి కాబట్టి వచ్చింది, కేసు నడుస్తున్నదే ఆయన ప్రభుత్వం తెచ్చిన మద్యం పాలసీ మీద, ఆ ఫైళ్లు ఉన్నది ఆయన కింద ఉన్న డిపార్ట్‌మెంట్లలో.

ప్రచారంలో షరతు దాటారా

నాలుగో షరతుకి వారంలోనే పరీక్ష వచ్చింది. మీరు ఓటేస్తే నేను జూన్ 2న జైలుకి వెళ్లక్కర్లేదు అన్న అర్థం వచ్చేలా కేజ్రీవాల్ సభల్లో మాట్లాడుతున్నారని మే 16న ఈడీ తరఫున సొలిసిటర్ జనరల్ బెంచ్ ముందు చెప్పారు. ఇది వ్యవస్థకి చెంపదెబ్బ అన్నారు. అవతలి లాయర్ వెంటనే ఈ బెయిల్ గురించి కేంద్ర మంత్రి చేసిన వ్యాఖ్యల సంగతి ఎత్తారు.

బెంచ్ రెండింటి జోలికీ పోలేదు. అది ఆయన ఊహ, మా ఆర్డర్ స్పష్టంగా ఉంది, ఎప్పుడు లొంగిపోవాలో అందులో ఉంది, మేం ఎవరికీ ప్రత్యేక మినహాయింపు ఇవ్వలేదు, తీర్పు మీద విమర్శని మేం స్వాగతిస్తాం అని వదిలేసింది. దీన్నిబట్టి ఆ షరతు హద్దు ఎక్కడుందో తెలుస్తుంది: నిషేధం "కేసులో తన పాత్ర" మీద, జైలు గురించో ఎన్నికల ఫలితం గురించో మాట్లాడటం మీద కాదు. షరతుని రాసిన మాటల వరకే చదువుతారు, దాన్ని సాగదీసి బెయిల్ రద్దు చెయ్యమంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు.

జూన్ 2 ఏం తేదీ

ఇప్పుడు తేదీల సంగతి. ఏడు దశల పోలింగ్ ఏప్రిల్ 19న మొదలై జూన్ 1న ముగిసింది, మన రెండు రాష్ట్రాల్లో మే 13న, ఢిల్లీలో మే 25న. కౌంటింగ్ జూన్ 4. కేజ్రీవాల్ వైపు నుంచి కౌంటింగ్ దాకా ఇవ్వమని అడిగారు, బెంచ్ ఒప్పుకోలేదు. కారణం ఆర్డర్ లాజిక్‌లోనే ఉంది: బెయిల్ ఇచ్చింది ప్రచారం కోసం, ఆఖరి పోలింగ్ అయ్యాక ప్రచారం ఉండదు, కాబట్టి జూన్ 1 తర్వాత బయట ఉండటానికి ఆ ఆర్డర్‌లో కారణం మిగల్లేదు. ఢిల్లీ పోలింగ్ మే 25నే అయిపోయినా జూన్ 1 దాకా ఇచ్చారంటే, ఆయన్ని ఢిల్లీ నాయకుడిగా మాత్రమే కాక జాతీయ పార్టీ నాయకుడిగా చూశారని అర్థం.

చాలామంది జూన్ 2ని తర్వాతి విచారణ తేదీ అనుకున్నారు. ఆ రోజు ఆదివారం, కోర్టే లేదు. మెయిన్ అప్పీల్ విచారణ విడిగా నడిచింది, మే 17న వాదనలు ముగించి తీర్పు రిజర్వ్ చేశారు, అదే రోజు, కావాలంటే రెగ్యులర్ బెయిల్ కోసం కింది కోర్టుకి వెళ్లొచ్చు అని కూడా అన్నారు. ఈ ఒక్క మాట తర్వాత ఆయనకే అడ్డొచ్చింది. వైద్య పరీక్షల కోసం ఇంకో 7 రోజులు పొడిగించమని మే చివర్లో దరఖాస్తు పెడితే, కింది కోర్టుకి వెళ్లే స్వేచ్ఛ ఇప్పటికే ఇచ్చారు కాబట్టి ఇది విచారణకి తీసుకోదగ్గది కాదని సుప్రీంకోర్టు రిజిస్ట్రీ లిస్ట్ చెయ్యలేదు. జూన్ 2న తీహార్‌లో లొంగిపోయారు.

అందుకే మధ్యంతర బెయిల్ ఆర్డర్ చదివేటప్పుడు రెండు తేదీలు విడివిడిగా రాసుకోవాలి, బెయిల్ ముగిసే తేదీ ఒకటి, కేసు మళ్లీ కోర్టు ముందుకొచ్చే తేదీ ఒకటి. మొదటిది ఆర్డర్ లోపల ఉంటుంది. రెండోది ఒక్కోసారి ఆర్డర్ చివర్లో ఉంటుంది, ఒక్కోసారి ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా, అంటే కాజ్‌లిస్ట్, వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

జులై 12: తేదీ లేని ఆర్డర్, పాత షరతులు

జూన్‌లో పరిస్థితి చాలా మారింది. జూన్ 20న కింది కోర్టు రెగ్యులర్ బెయిల్ ఇచ్చింది, మర్నాడే హైకోర్టు ఆపేసింది, జూన్ 26న అదే పాలసీ మీద సీబీఐ తన కేసులో అరెస్ట్ చేసింది.

జులై 12న సుప్రీంకోర్టు రిజర్వ్ చేసిన తీర్పు ఇచ్చింది. అరెస్ట్ చెయ్యడానికి కారణాలు ఉంటే సరిపోతుందా, అరెస్ట్ అవసరం కూడా ఉందా అని విడిగా చూడాలా అన్న ప్రశ్నని పెద్ద బెంచ్‌కి పంపింది. ఆయన 90 రోజులకు పైగా జైల్లో ఉన్నారు కాబట్టి మధ్యంతర బెయిల్ ఇస్తున్నాం, మే 10 ఆర్డర్‌లోని షరతులే వర్తిస్తాయి అంది. బెయిల్‌ని పొడిగించడమో వెనక్కి తీసుకోవడమో పెద్ద బెంచ్ చేతిలో పెట్టింది. పెద్ద బెంచ్ ఎప్పుడు కూర్చుంటుందో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించాలి, కాబట్టి ఈ ఆర్డర్‌లో లొంగిపోయే తేదీ లేదు, తర్వాతి విచారణ తేదీ కూడా లేదు.

కానీ షరతులు అవే. మే నెలలో "ఆఫీసుకి వెళ్లకు, సంతకం పెట్టకు" అంటే మూడు వారాల మాట, ఎలాగూ ప్రచారంలో ఉంటారు కాబట్టి పెద్ద తేడా లేదు. అదే షరతు గడువు లేని బెయిల్‌కి తగిలిస్తే, పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఎన్నాళ్లో తెలియనంత కాలం పదవి పని చెయ్యలేరు. విచిత్రం ఏంటంటే అదే తీర్పులో, ఎన్నికైన నాయకుణ్ణి దిగిపొమ్మని కోర్టు చెప్పగలదా అన్నది మాకు అనుమానమే, ఆ నిర్ణయం ఆయనకే వదిలేస్తున్నాం అని కూడా రాశారు. దిగిపొమ్మని చెప్పకుండానే దాదాపు ఆ ఫలితం వచ్చేలా షరతులు ఉండిపోయాయి. ఆ రోజుకి సీబీఐ కేసులో లోపలే ఉన్నారు కాబట్టి ఇది వెంటనే బయటపడలేదు.

అదే కేసులో కవిత బెయిల్ ఎలా వేరు

పోలికకి ఆగస్ట్ 27న కల్వకుంట్ల కవితకి ఇదే మద్యం పాలసీ వ్యవహారంలో జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కేవీ విశ్వనాథన్ బెంచ్ ఇచ్చిన ఆర్డర్ బాగా పనికొస్తుంది. అది మధ్యంతరం కాదు, ఈడీ, సీబీఐ రెండు కేసుల్లోనూ పూర్తి బెయిల్. కారణాలు కూడా వేరు: దర్యాప్తు ముగిసింది, 493 మంది సాక్షులు, 50 వేల పేజీల పత్రాలు ఉన్నాయి, విచారణ దగ్గర్లో ముగిసే అవకాశం లేదు, పైగా బెయిల్ రావడాన్ని కష్టం చేసే మనీ లాండరింగ్ చట్టం సెక్షన్ 45లో మహిళలకి ఉన్న మినహాయింపు ఆవిడకీ వర్తిస్తుంది, చదువుకున్న మహిళ కాబట్టి వర్తించదన్న హైకోర్టు మాట తప్పు అంది.

కారణం మారగానే షరతులు మారాయి. ఒక్కో కేసులో 10 లక్షల బాండ్, పాస్‌పోర్ట్ అప్పగించడం, సాక్ష్యాలు తారుమారు చెయ్యకూడదు, సాక్షుల్ని ప్రభావితం చెయ్యకూడదు. లొంగిపోయే తేదీ లేదు, ఎందుకంటే విచారణ ముగిసేదాకా బయట ఉండటానికే ఆ బెయిల్. ఆఫీసు, ఫైళ్ల ఊసు లేదు.

సెప్టెంబర్ 13

సీబీఐ కేసులో సెప్టెంబర్ 13న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ బెంచ్ బెయిల్ ఇచ్చింది. ఇది రెగ్యులర్ బెయిలే, 10 లక్షల బాండ్, రెండు పూచీకత్తులు, సీబీఐ కేసు మంచిచెడ్డల మీద బహిరంగంగా మాట్లాడకూడదు, కోర్టు మినహాయింపు ఇస్తే తప్ప ప్రతి వాయిదాకి హాజరు కావాలి. దానితోపాటు ఈడీ కేసులో మే 10, జులై 12 ఆర్డర్లలో ఉన్న షరతులు ఈ కేసుకీ వర్తిస్తాయి అని ఒక లైన్. షరతుల లిస్ట్ మాత్రమే చూసినవాళ్లకి ఆఫీసుకి వెళ్లొద్దన్న మాట అందులో కనపడదు, పాత ఆర్డర్ తీసి చదివితేనే తెలుస్తుంది.

సెక్రటేరియట్‌కి వెళ్లొద్దు, సంతకాలు పెట్టొద్దు అన్న రెండు షరతుల మీద తనకి తీవ్ర అభ్యంతరాలు ఉన్నాయని జస్టిస్ భుయాన్ తన విడి తీర్పులో రాశారు. ఐతే అవి ఈడీ కేసులో ఇంకో బెంచ్ పెట్టినవి కాబట్టి న్యాయ క్రమశిక్షణ దృష్ట్యా వాటి జోలికి పోవడం లేదన్నారు. అలా రాసిన జడ్జి ఉన్న బెంచ్ వాటిని తియ్యలేదు, తియ్యదగ్గ పెద్ద బెంచ్ అప్పటికి ఇంకా కూర్చోలేదు.

సెప్టెంబర్ 13 సాయంత్రం కేజ్రీవాల్ బయటికొచ్చారు. 15న రాజీనామా చేస్తానని ప్రకటించి 17న ఇచ్చేశారు, 21న అతిశీ ఢిల్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆఫీసుకి వెళ్లొద్దు, ఫైళ్ల మీద సంతకం పెట్టొద్దు అన్న రెండు షరతులకి ఆ తర్వాత ఆపడానికి ఏమీ మిగల్లేదు.